అపార్ట్‌మెంట్‌లో 22 వైఫైలు: ఖాళీగా కనిపించిన 4వ ఛానెల్‌కు మార్చాక వేగం ఇంకా పడిపోయింది, కారణం ఏమిటి?

మూడో_అంతస్తు_భీమవరం

మాది భీమవరంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. కాళ్ళ మండలంలో ఉన్న మా రొయ్యల చెరువు గట్టు మీద సిమ్‌తో నడిచే కెమెరా ఒకటి పెట్టాము. రాత్రిపూట ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో దానిలోనే చూసుకుంటాను, ఎందుకంటే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే సమయంలో అవి ఆగిపోతే పంట మొత్తం పోతుంది. ఫోన్ డేటాతో చూస్తే ఆ బొమ్మ చక్కగా వస్తుంది. ఇంట్లో వైఫైతో చూస్తే మాత్రం రాత్రి ఏడు నుంచి పదిన్నర వరకు ఆగి ఆగి వస్తుంది.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి చూశాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో నాది కాక 22 వైఫైలు కనిపించాయి. 1వ ఛానెల్‌లో తొమ్మిది, 6లో ఏడు, 11లో అయిదు, 8లో ఒకటి ఉన్నాయి. 2, 3, 4, 5లలో ఒక్కటి కూడా లేదు. అందువల్ల రౌటర్‌లో `Auto` తీసివేసి 4 పెట్టాను. రెండు సాయంత్రాలు చూశాను, మునుపటికంటే అధ్వాన్నంగా ఉంది. ఎవరూ లేని ఛానెల్‌లో ఇంత ఇబ్బంది ఎందుకు వస్తోంది?

కాకినాడ_కాజా

ముందుగా మీ ప్లాన్ ఎంతో చూసుకోండి. మేము 40 నుంచి 100 ఎంబీపీఎస్‌కు మారిన తరువాత ఇటువంటి ఇబ్బంది పోయింది. ఛానెల్ సంఖ్య మార్చినంత మాత్రాన లైను వేగం పెరగదు కదా.

మూడో_అంతస్తు_భీమవరం

@కాకినాడ_కాజా ఆ అనుమానం నాకూ వచ్చి, రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలిపి చూశాను. 60 ఎంబీపీఎస్ ప్లాన్‌కు 58 వచ్చింది. అదే గదిలో, అదే నిమిషంలో తీగ తీసి వైఫైతో చూస్తే 4 నుంచి 6 మధ్య ఆడుతోంది. లైనులో లోపం లేదని అందుకే అంటున్నాను.

ఫైబర్_నిచ్చెన

తీగతో పరీక్షించి మంచి పని చేశారు, ఆ ఒక్క పరీక్ష చేయకుండానే ప్లాన్లు మార్చుకునేవారిని నేను చాలామందిని చూశాను. పశ్చిమ గోదావరి జిల్లాలో పన్నెండేళ్లుగా ఇళ్లకు, ఆసుపత్రులకు నెట్‌వర్క్ పనులు చేస్తున్నాను కనుక మీ ఇబ్బంది ఎక్కడ మొదలైందో చెప్పగలను. 4వ ఛానెల్ ఖాళీగా లేదు, ఖాళీగా కనిపించింది అంతే.

ఛానెల్ సంఖ్యలు అయిదేసి మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి. రౌటర్ పంపే సంకేతం మాత్రం 20 మెగాహెర్ట్జ్ వెడల్పు పరచుకుంటుంది. 1వ ఛానెల్ మధ్య బిందువు 2412 కనుక అక్కడి రౌటరు సుమారు 2402 నుంచి 2422 వరకు ఆక్రమిస్తుంది. 6వది 2427 నుంచి 2447 వరకు ఉంటుంది. మీరు ఎంచుకున్న 4వది 2417 నుంచి 2437 వరకు ఉంటుంది. అంటే మీ సంకేతంలో కింది పావు భాగం 1లో ఉన్న తొమ్మిదింటి మీద, పై సగం 6లో ఉన్న ఏడింటి మీద పడుతోంది. ఎవరూ లేని చోటికి వెళ్లాననుకుని మీరు పదహారు మంది మధ్యలో కూర్చున్నారు.

కలిసిపోవడం ఒక్కటే అయితే ఇంత నష్టం ఉండదు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట మరొకటి అర్థం చేసుకుంటాయి, అవతలివాడు మాట్లాడుతుంటే ఆగి తరువాత తమ వంతు తీసుకుంటాయి. నర్సాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం వరుసలో నిలబడినట్లు ఉంటుంది. ఆలస్యం అవుతుంది కానీ అందరూ దాటుతారు. 4వ ఛానెల్‌లో ఉన్న రౌటరుకు 1, 6లలోని మాటలు అర్థం కావు, అవి గోలలాగా మాత్రమే వినిపిస్తాయి. ఆ గోల చాలా గట్టిగా ఉంటే తప్ప అది ఆగదు, వాళ్లు మాట్లాడుతుండగానే తాను కూడా మొదలుపెడుతుంది. రెండు పంట్ల దారుల మధ్యకు ఎవరి కేకా వినిపించని పడవను తోసినట్లు అవుతుంది. ఇద్దరి మాటలూ చెడిపోతాయి, చెడినదాన్ని మళ్లీ పంపాలి, ఆ మళ్లీ పంపడంతో గాలిలో రద్దీ ఇంకా పెరుగుతుంది. మీ పక్క ఫ్లాట్లవారికి కూడా ఈ రెండు రోజులు నెమ్మదించి ఉంటుంది.

1, 6, 11 తప్ప మరేదీ పెట్టకండి. ఆ మూడింటిలో ఏది అన్నది చెప్పాలంటే నాకు సంఖ్యలు చాలవు, ఒక్కొక్క వైఫై ఎంత గట్టిగా వినిపిస్తోందో కావాలి. యాప్‌లో పేరు పక్కన మైనస్ గుర్తుతో ఉండే సంఖ్యను రాసి పంపండి.

తణుకు_మాస్టారు

@ఫైబర్_నిచ్చెన గారి వివరణ బాగుంది. అయితే ఆ తరువాత ఇంత పరిశోధన ఎందుకో అర్థం కాలేదు. 1లో తొమ్మిది, 6లో ఏడు, 11లో అయిదు ఉన్నాయని వారే రాశారు కదా. అన్నింటికంటే తక్కువ 11లోనే ఉన్నాయి కనుక 11 పెట్టుకుంటే సరిపోతుంది. మా బడిలో నేను అలాగే లెక్కపెట్టి పెట్టాను, బాగానే నడుస్తోంది.

రాజమండ్రి_కిటికీ

మా ఇంట్లో జరిగినది చెబుతాను, మీకు పనికివస్తుందేమో చూడండి. నేను వంటింటి గోడకు ఆనించి బల్ల వేసుకుని ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు అత్తగారు మైక్రోవేవ్‌లో కూర వేడి చేసిన రెండు నిమిషాలు నా కాల్ తెగిపోయేది. కారణం ఇదేనని పట్టుకోవడానికి నెల రోజులు పట్టింది. ఛానెల్ 11 నుంచి 1కి మార్చాక చాలా వరకు తగ్గింది.

ఫైబర్_నిచ్చెన

@రాజమండ్రి_కిటికీ గారూ, అది నిజమే. మైక్రోవేవ్ పొయ్యి నుంచి బయటకు వచ్చే కొద్దిపాటి తరంగాలు 2450 చుట్టుపక్కల ఉంటాయి, అందువల్ల 6 నుంచి 11 వరకు ఎక్కువ తగులుతుంది, 1కి తక్కువ. అయితే భీమవరం వారి ఇబ్బంది మూడున్నర గంటల పాటు ఉంటోంది, అంతసేపు ఎవరూ కూర వేడి చేయరు. అది పొరుగు రౌటర్ల పనే.

@తణుకు_మాస్టారు గారూ, లెక్కపెట్టడం సగం పని మాత్రమే. వారి అంకెలు రానివ్వండి, మిగిలిన సగం అక్కడ చూద్దాం.

మూడో_అంతస్తు_భీమవరం

రౌటర్ పక్కన నిలబడి రాసుకున్నవి ఇవి.

11వ ఛానెల్‌లో ఉన్న అయిదు: -42 (పక్క ఫ్లాట్), -48 (సరిగ్గా మా పైన), -55, -61, -64.

6వ ఛానెల్‌లో ఉన్న ఏడు: -51, -58, -66, -70, -79, -85, -88.

1వ ఛానెల్‌లో తొమ్మిది ఉన్నా -69, -74 తరువాత మిగిలిన ఏడూ -83 నుంచి -91 మధ్యే ఉన్నాయి. అవి వీధికి అవతల ఉన్న భవనంలోవి అనుకుంటున్నాను.

8వ ఛానెల్‌లోని ఒక్కటి -57.

ఫైబర్_నిచ్చెన

నేను అనుకున్నట్లే ఉంది. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టి సంకేతం. పది తేడా అంటే పది రెట్లు, ఇరవై తేడా అంటే నూరు రెట్లు. పక్క ఫ్లాట్ వారి -42 ముందు వీధి అవతలి -85 పదివేల రెట్లకు పైగా బలహీనం.

రౌటరు సుమారు -82 వరకు వినిపించే పొరుగు మాటకు ఆగి వంతు ఇస్తుంది. అంతకంటే బలహీనమైనవాటిని సాధారణంగా పట్టించుకోదు. కనుక 1లో మీకు కనిపించిన తొమ్మిదిలో ఏడు లెక్కలోకి రావు, నిజంగా మీతో గాలిని పంచుకునేవి రెండే. 11లో ఉన్న అయిదూ లెక్కలోకి వస్తాయి, ప్రతి ఒక్కదానికీ మీ రౌటరు ఆగాల్సిందే. 6లో అయిదు లెక్కలోకి వస్తాయి, దానికి తోడు 8లో ఉన్న ఆ -57 మీకు జరిగినట్లే 6కూ 11కూ మధ్య ఇరుక్కుని రెండు వైపులా చెడగొడుతుంది. ఎక్కువ పేర్లు కనిపించిన 1వ ఛానెలే మీకు అన్నింటికంటే ఖాళీ అని నా అంచనా.

ఇది అంచనాయే, తీర్పు కాదు. పేరు గట్టిగా వినిపించినంత మాత్రాన ఆ ఇంట్లో వాడకం ఉందని చెప్పలేము. పక్క ఫ్లాట్‌లో -42తో రౌటరు వెలుగుతూ, ఇంట్లోవారు ఊరికి వెళ్లి ఉంటే దానివల్ల మీకు పెద్దగా నష్టం లేదు. -69తో ఉన్న ఇంట్లో ఇద్దరు పిల్లలు రెండు టీవీలు చూస్తుంటే అది మీ సమయాన్ని తినేస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే లొకేషన్ అనుమతి ఇచ్చి ఈ ఆదేశం నడపండి:

```
netsh wlan show networks mode=bssid
```

కొన్ని రౌటర్లు తమ ఛానెల్‌లో గాలి ఎంత శాతం నిండి ఉందో తామే ప్రకటిస్తాయి, అటువంటివాటి కింద ఇలా ఒక వరుస కనిపిస్తుంది:

```
Channel Utilization:        148 (58 %)
```

ఆ శాతం సాయంత్రం ఎంత ఉందో మూడు ఛానెళ్లకూ చూడండి. అన్ని రౌటర్లూ దీన్ని చెప్పవు కనుక కనిపించకపోతే కంగారు పడకండి. అంతకంటే నమ్మదగిన పరీక్ష ఒకటి ఉంది. మీరు నిజంగా ఫోన్ పట్టుకుని కూర్చునే గదిలో ల్యాప్‌టాప్ పెట్టి, బయటి సైట్‌కు కాకుండా మీ రౌటరుకే వంద పింగ్‌లు పంపండి. రౌటరు చిరునామా దాని అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది.

```
ping -n 100 192.168.1.1
```

4, 11, 1 ఛానెళ్లను ఒకే సాయంత్రం, ఒకే అరగంటలో మార్చి మార్చి చూడండి. ఒకటి సోమవారం, మరొకటి ఆదివారం చూస్తే ఆ తేడా ఛానెల్‌ది కాదు, రోజుది అవుతుంది.

తణుకు_మాస్టారు

నేను చెప్పినది పొరపాటేనని ఒప్పుకుంటాను, బలాన్ని చూడాలన్న సంగతి నాకు తెలియదు. కానీ ఒక సందేహం ఉంది. మా యాప్‌లో ఛానెళ్లకు నక్షత్రాలు ఇస్తుంది, 13కు అన్నింటికంటే ఎక్కువ నక్షత్రాలు వచ్చాయి. భారతదేశంలో 13 వాడవచ్చు కదా, మరి 1, 6, 11 అని ఎందుకు కట్టుబడాలి?

లంక_కొబ్బరితోట

@తణుకు_మాస్టారు గారూ, నేను అమలాపురంలో మూడంతస్తుల భవనంలో ఉంటూ రెండేళ్లుగా 13లోనే నడుపుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. 1, 6, 11 అన్నది 13వ ఛానెల్ లేని అమెరికా వారి లెక్క. మనకు 1, 5, 9, 13 అని నాలుగు పెట్టుకునే వీలు ఉంది. మూడుకు బదులు నాలుగు దారులు ఉంటే రద్దీ తగ్గుతుంది.

ఫైబర్_నిచ్చెన

1, 5, 9, 13 పద్ధతి కాగితం మీద సరైనదే, నేను కాదనను. మధ్య బిందువుల మధ్య 20 మెగాహెర్ట్జ్ దూరం ఉంటుంది కనుక నాలుగూ పక్కపక్కనే సర్దుకుంటాయి. అయితే భవనంలో అందరూ అలా పెట్టుకున్నప్పుడే అది పని చేస్తుంది. చుట్టూ ఉన్నవారు 11లో ఉండగా మీరు ఒక్కరే 13కు వెళితే మధ్య దూరం పది మెగాహెర్ట్జే, సగానికి సగం వారి మీద పడతారు. భీమవరం వారి పక్కింటి -42 దగ్గర అది 4వ ఛానెల్ కథే అవుతుంది. మరొక చిక్కు కూడా ఉంది. అమెరికా నుంచి తెచ్చుకున్న కొన్ని టీవీ స్టిక్కులకు, ల్యాప్‌టాప్‌లకు 13లో ఉన్న వైఫై పేరే కనిపించదు.

లంక_కొబ్బరితోట

మా చుట్టూ 11లో గట్టిగా వినిపించేది ఒక్కటే ఉంది, బహుశా అందువల్ల నాకు నడుస్తోందేమో. అయినా నడుస్తున్నదాన్ని మార్చను. ఖాళీ చోటును అందరూ వదిలేయడం నాకు సరిగా తోచడం లేదు.

గోదారి_గట్టు_కార్యదర్శి

రాజమహేంద్రవరంలో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు నేను సంఘం కార్యదర్శిని. మా దగ్గర ఒక విచిత్రం గమనించాము. కరెంటు పోయి వచ్చిన రోజున సాయంత్రమంతా వైఫై గురించి ఫిర్యాదులు వస్తాయి. అందరూ `Auto`లోనే పెట్టుకున్నారు. అది దానంతట అదే మంచి ఛానెల్ చూసుకోవాలి కదా?

ఫైబర్_నిచ్చెన

@గోదారి_గట్టు_కార్యదర్శి గారూ, చాలా ఇళ్లలోని రౌటర్లు `Auto`లో ఉన్నప్పుడు వెలిగిన క్షణంలో ఒకసారి విని ఛానెల్ ఎంచుకుంటాయి, తరువాత రోజుల తరబడి అక్కడే ఉంటాయి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు నలభై రౌటర్లూ ఒకే నిమిషంలో లేస్తాయి. ఆ సమయంలో గాలిలో ఎవరూ లేరు, ఎవరు విన్నా అన్ని ఛానెళ్లూ ఖాళీగానే వినిపిస్తాయి. ఒకే కంపెనీ పెట్టె, ఒకే సాఫ్ట్‌వేర్ అయితే అన్నీ ఒకే నిర్ణయానికి వచ్చి ఒకే ఛానెల్‌లో కూర్చుంటాయి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లవి ఆగవు కనుక వాటి ఛానెల్ మారదు. మధ్య మధ్యలో తిరిగి వినే మంచి రౌటర్లు కూడా ఉన్నాయి, వాటికి ఈ ఇబ్బంది తక్కువ. తక్కినవారు సాయంత్రం ఎనిమిది గంటలకు ఒక్కసారి రౌటర్ ఆపి వెలిగిస్తే అప్పటి నిజమైన రద్దీని విని ఎంచుకుంటుంది.

పాలకొల్లు_ఐఫోన్

ఐఫోన్‌లో ఇటువంటి ఎనలైజర్ యాప్ ఏదీ పొరుగు వైఫైల ఛానెల్ చూపించడం లేదు. నా దగ్గర ల్యాప్‌టాప్ లేదు.

తణుకు_మాస్టారు

@పాలకొల్లు_ఐఫోన్ ఆపిల్ వారి AirPort Utility యాప్ వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కిందకు వెళ్లి Wi-Fi Scanner అన్నది వెలిగించండి, ఛానెల్, బలం రెండూ చూపిస్తుంది. మా అమ్మాయి ఫోన్‌లో అలాగే చూశాను.

మూడో_అంతస్తు_భీమవరం

పరీక్ష పూర్తి చేశాను. నిన్న రాత్రి 9 నుంచి 9.30 లోపు, పడకగదిలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఒక్కొక్క ఛానెల్‌లో వంద పింగ్‌లు పంపాను. 4లో ఎనిమిది పోయాయి, సగటు 74 మిల్లీసెకన్లు, ఒకటి ఏకంగా 900 దాటింది. 11లో మూడు పోయాయి, సగటు 38. 1లో ఒక్కటి కూడా పోలేదు, సగటు 9. 1లో పెట్టి చెరువు కెమెరా పావుగంట చూశాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

రౌటరులో వెతుకుతుంటే `Channel Width` దగ్గర `20/40 MHz` అని కనిపించింది. దాన్ని ఏమి చేయాలి?

ఫైబర్_నిచ్చెన

వెంటనే `20 MHz` చేయండి. 40లో ఉంటే మీరు 1 పెట్టినా మీ సంకేతం 5వ ఛానెల్ వరకు పరచుకుంటుంది, అంటే 6లో ఉన్నవారి మీద కూడా పడి మళ్లీ అదే తగాదా మొదలవుతుంది. పొరుగువారు ఉన్నారని గ్రహించి తమంతట తామే 20కి తగ్గే రౌటర్లు ఉన్నాయి, తగ్గనివి కూడా ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో 2.4కు 40 అక్కరలేదు. ఒంటరి ఇల్లయితే పెట్టుకోవచ్చు.

కాకినాడ_కాజా

మొదట నేను ప్లాన్ గురించి చెప్పినది ఇక్కడ వర్తించదని ఇప్పుడు అర్థమైంది. కానీ ఇంత శ్రమ పడేకంటే అన్నింటినీ 5 గిగాహెర్ట్జ్‌కు మార్చేస్తే సరిపోదా? అక్కడ చోటు చాలా ఎక్కువ కదా.

మూడో_అంతస్తు_భీమవరం

@కాకినాడ_కాజా ఫోన్లు, ల్యాప్‌టాప్ హాలులో ఉన్నప్పుడు 5లోనే వాడుతున్నాము, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. మా పాత టీవీ, గుమ్మం దగ్గరి కెమెరా 2.4 మాత్రమే పట్టుకుంటాయి. పడకగది రెండు గోడల అవతల ఉంది, అక్కడ 5 బలం -79కి పడిపోతోంది. ఫైబర్ తీగ వీధి గుమ్మం దగ్గర లోపలికి వచ్చింది, రౌటరు కూడా అక్కడే బిగించి వెళ్లారు.

ఫైబర్_నిచ్చెన

@కాకినాడ_కాజా గారి మాట సరైనదే. 5కు వెళ్లగలిగినవాటిని అక్కడికి పంపడం మంచిది, ఒక్క పరికరం వెళ్లినా 2.4లో మిగిలినవాటికి అంత చోటు దొరుకుతుంది. అక్కడ ఛానెళ్లు ఇలా ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా అమర్చి ఉంటాయి, గోడలు కూడా పొరుగువారి సంకేతాన్ని బాగా ఆపుతాయి. మీ పడకగదికి అందనిదీ ఆ గోడల వల్లే. ఒక్క జాగ్రత్త చెబుతాను. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్లు కూడా ఉండవచ్చు కనుక, రౌటరు మొదట కనీసం ఒక నిమిషం విని ఆ తరువాతే పేరు చూపిస్తుంది. రాడార్ వినిపిస్తే మధ్యలో వదిలి వెళ్లిపోతుంది. అది చూసి రౌటరు పాడైందని అనుకోకండి. 36 నుంచి 48, 149 నుంచి 165 వాటికి ఆ నియమం లేదు.

మీకు వీలైతే పది మీటర్ల తీగ తీసుకుని రౌటరును హాలు మధ్యకు జరపండి. పడకగదిలో మీ సంకేతం పది పెరిగితే ఛానెల్ మార్చినదానికంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

గోదారి_గట్టు_కార్యదర్శి

ఇదంతా చదివాక మా సంఘం సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాలనుకుంటున్నాను. మొదటి అంతస్తు 1, రెండో అంతస్తు 6, మూడో అంతస్తు 11, నాలుగు మళ్లీ 1, ఇలా పంచుకుని అందరూ 20 వెడల్పు పెట్టుకుంటే ఎలా ఉంటుంది?

రాజమండ్రి_కిటికీ

@గోదారి_గట్టు_కార్యదర్శి అలా పంచితే ఒకే అంతస్తులో పక్కపక్కన ఉన్న ఫ్లాట్లన్నీ ఒకే ఛానెల్‌లో పడతాయి. మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటివారి వైఫై నాకు పై అంతస్తు వారిదానికంటే గట్టిగా వినిపిస్తుంది.

ఫైబర్_నిచ్చెన

ఆమె చెప్పినది గమనించదగినది. శ్లాబు సంకేతాన్ని ఇటుక గోడకంటే ఎక్కువగా ఆపుతుంది. పక్క గోడకు అటూ ఇటూ ఉన్న ఫ్లాట్లకు వేర్వేరు ఛానెళ్లు వచ్చేలా, మెట్టు మెట్టుగా జరుపుతూ పంచడం మేలు. మొదటి అంతస్తు 1, 6, 11, 1 అయితే దాని పైన 6, 11, 1, 6, ఇంకా పైన 11, 1, 6, 11. అప్పుడు పక్కనా, పైనా, కిందా ఎక్కడా ఒకే ఛానెల్ ఎదురుపడదు. వీధి అవతలి భవనం మన మాట వినదు కనుక చివరి వరస ఫ్లాట్లలో పింగ్ పరీక్ష చేసి సవరించుకోవాలి.

గోదారి_గట్టు_కార్యదర్శి

ఆ కాగితం ముద్రించి నోటీసు బోర్డులో పెడతాను. ఒక చిక్కు మిగిలింది. మా ఫ్లాట్లలో పదకొండు మందికి వచ్చిన పెట్టెలో లాగిన్ అయితే ఛానెల్ మార్చే వరుసే కనిపించడం లేదు. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే అది తమ చేతిలో లేదని, పై ఆఫీసులో చెబుతామని అంటున్నారు. వారిని ఏమి చేయమంటారు?

తణుకు_మాస్టారు

ఆ పెట్టెలో వైఫైని ఆపేసి, దానికి తీగతో వేరే రౌటరు కలుపుకోవచ్చునని విన్నాను. వైఫై ఆపే మీట అయినా వారికి కనిపిస్తోందా?

గోదారి_గట్టు_కార్యదర్శి

నలుగురికి కనిపిస్తోంది. మిగిలిన ఏడుగురి సంగతి ఆదివారం ఇంటింటికీ వెళ్లి చూసి రాస్తాను.

మూడో_అంతస్తు_భీమవరం

20 వెడల్పు చేశాక ఈ రాత్రి మళ్లీ చూశాను. వంద పింగ్‌లలో ఒక్కటీ పోలేదు, సగటు 7 ఉంది. 8వ ఛానెల్‌లో ఉన్నది రెండో అంతస్తు వారిదని తెలిసింది, వారూ నాలాగే ఖాళీగా ఉందని పెట్టుకున్నారట. రేపు వెళ్లి 6కు మార్చి ఇస్తానని చెప్పాను.